ఎంక్వైరీ అయిపోయింది, ఇక ఆ ఉత్తరం ఎలా రాయాలి?

జీడిమెట్ల వైపు ఒక ఇంజినీరింగ్ ఫ్యాక్టరీలో కొత్తగా హెచ్ఆర్ ఆఫీసరుగా చేరిన కుర్రాడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ‘సార్, ఒకసారి చూసిపెట్టండి. రేపు పొద్దున ఇచ్చేయాలి’ అన్నాడు. కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు. ‘డొమెస్టిక్ ఎంక్వైరీలో మీపై ఆరోపణలు రుజువైనందున మిమ్మల్ని తక్షణం ఉద్యోగం నుంచి టెర్మినేట్ చేయడమైనది. మీ లెక్కలు నిబంధనల ప్రకారం పరిష్కరించబడును.’

ఏ ఆరోపణలు? తక్షణం అంటే ఏ తేదీ? ఏ నిబంధనలు, ఎంత డబ్బు? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ కాగితం జవాబు చెప్పడం లేదు. ముప్ఫై ఏళ్లు పర్సనల్ డిపార్ట్‌మెంట్లో పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, లేబర్ కోర్టులో ఇలాంటి ఉత్తరాన్ని చదవడం మొదలుపెట్టాక మేనేజ్‌మెంట్ లాయరు తల దించుకోవడమే మిగులుతుంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని దాన్ని మళ్లీ రాశాం. అతను అడిగిన ప్రశ్నలు చాలామంది అడిగేవే గనుక ఆ వరసలోనే చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందు సంగతేమిటో చెప్పాలి. ఉత్తరం అందుకోబోయే మనిషి స్టోర్ కీపరు. సర్వీసు 11 ఏళ్ల 8 నెలలు. బేసిక్, డీఏ కలిపి నెలకు 26,000 రూపాయలు. జనవరి చివర్లో ఒక సాయంత్రం ‘ఇనుప స్క్రాప్’ అని రాసిన గేట్ పాస్‌తో ఒక ఆటో బయటికి వెళ్లింది. మర్నాడు సరుకు లెక్క చూస్తే 38 కిలోల రాగి తీగ తక్కువ. గేట్ పాస్ మీద సూపర్‌వైజర్ సంతకం ఉంది గానీ, ఆయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. ఫిబ్రవరి 3న స్టోర్ కీపర్ని సస్పెండ్ చేసి చార్జిషీటు ఇచ్చారు. మొదటిది, దొంగ గేట్ పాస్ తయారుచేశాడని. రెండోది, కంపెనీ సొత్తు విషయంలో నిజాయితీ తప్పాడని. మూడోది, సరుకు లెక్కకు రమ్మంటే కావాలనే రాలేదని. ఎంక్వైరీ ఆఫీసరు మొదటి రెండూ రుజువయ్యాయని, మూడోది రుజువు కాలేదని రిపోర్టు ఇచ్చాడు.

ఎంక్వైరీ రిపోర్టు ఉంది కదా, మళ్లీ ఉత్తరంలో అంతా ఎందుకు?

ఎంక్వైరీ ఆఫీసరు చేసేది సాక్ష్యం విని, ఏది రుజువైంది, ఏది కాలేదు అని చెప్పడం వరకే. ఉద్యోగం తీసేసేది అతను కాదు. స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం శిక్ష వేసే అధికారం ఉన్నవాడు వేరు. ఆ రిపోర్టును, దానిమీద కార్మికుడు చెప్పుకున్నదాన్ని పక్కపక్కన పెట్టుకుని ఆయన సొంతంగా ఒక నిర్ణయానికి రావాలి. అలా వచ్చాడనడానికి దొరికే ఆధారం ఈ ఉత్తరమొక్కటే.

దీని వెనక మన హైదరాబాదు కేసే ఒకటి ఉంది. 1993లో ఈసీఐఎల్ మేనేజింగ్ డైరెక్టర్‌కూ కరుణాకర్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక మాట తేల్చింది. శిక్ష నిర్ణయించకముందే ఎంక్వైరీ రిపోర్టు నకలు ఉద్యోగికి ఇవ్వాలి, దానిమీద అతను ఏం చెబుతాడో వినాలి. ప్రభుత్వ ఉద్యోగులకే కాదు, ప్రైవేటు కంపెనీల వాళ్లకూ ఇది వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. ఉత్తరంతోపాటే రిపోర్టు జతచేసి పంపిస్తే సరిపోతుందనుకునే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. శిక్ష పడ్డాక రిపోర్టు చేతికిస్తే ఇక అతను చెప్పుకోవడానికి ఏముంటుంది?

మా కుర్రాడు ఆ పని సరిగ్గానే చేశాడు. రిపోర్టు ఇచ్చి 15 రోజుల గడువిచ్చాడు, జవాబు కూడా వచ్చింది. అందులో స్టోర్ కీపరు, ‘సూపర్‌వైజర్ గారు ఫోన్లో చెబితేనే గేట్ పాస్ రాశాను’ అన్నాడు. డ్రాఫ్టులో మాత్రం ఈ జవాబు ప్రస్తావనే లేదు. ఫైలు తిరగేశాం. ఎంక్వైరీలో సూపర్‌వైజర్ సాక్ష్యం చెప్పాడు, తాను ఫోన్ చేయలేదన్నాడు. అప్పుడు అతన్ని ప్రశ్నించే అవకాశం స్టోర్ కీపరుకు ఇచ్చారు. ఫోన్ గురించి ఒక్క ప్రశ్నా పడలేదు. ఉత్తరంలో ఆ పేరా చివరికి ఇలా వచ్చింది:

‘ఎంక్వైరీ రిపోర్టుపై మీరిచ్చిన జవాబును పరిశీలించాను. సూపర్‌వైజర్ ఫోన్లో చెప్పినందువల్లే గేట్ పాస్ రాశానని మీరు తెలిపారు. ఈ మాట చార్జిషీటుకు ఇచ్చిన జవాబులో లేదు. సూపర్‌వైజర్ సాక్ష్యం ఇచ్చినప్పుడు మీరు, మీకు సహాయంగా వచ్చిన సహోద్యోగి ఆయన్ను ప్రశ్నించారు గానీ ఈ విషయం అడగలేదు. ఫోన్లో చెప్పారనే అనుకున్నా, ఆయన సంతకం మీరు చేయడానికి అది కారణం కాదు. అందువల్ల మొదటి ఆరోపణపై ఎంక్వైరీ ఆఫీసరు అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను.’

‘పరిశీలించాను, సంతృప్తికరంగా లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే ఉత్తరాలు వందలకొద్దీ చూశాను. పై పేరా రాయడానికి అరగంట పట్టింది. కోర్టులో ఆ అరగంటే పనికొస్తుంది.

రుజువు కాని మూడో ఆరోపణ సంగతి వదిలేయొచ్చా?

కుర్రాడు వదిలేద్దామన్నాడు. ‘రెండు రుజువైతే చాలు కదా సార్!’ చాలు, కానీ ఆ మాట ఉత్తరంలో రాయాలి. ‘ఆరోపణలు రుజువైనందున’ అని మూడింటినీ ఒకే మూటలో కట్టేస్తే, రిపోర్టు చదవకుండానే సంతకం పెట్టారని అవతలి లాయరు అంటాడు. అనడంలో తప్పూ లేదు. ‘మూడో ఆరోపణ రుజువు కాలేదన్న అభిప్రాయాన్ని అంగీకరిస్తున్నాను. శిక్ష నిర్ణయించడంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు’ అని రెండు వాక్యాలు పెట్టాం.

ఒకవేళ మేనేజరు ఎంక్వైరీ ఆఫీసరుతో విభేదించి, మూడోది కూడా రుజువైందనే అనుకుంటే? అనుకోవచ్చు. అయితే ఉత్తరంలో ఆ మాట హఠాత్తుగా పెట్టకూడదు. ఎందుకు విభేదిస్తున్నాడో ముందే కార్మికుడికి రాసిపంపి జవాబు తీసుకోవాలని పంజాబ్ నేషనల్ బ్యాంకు, కుంజ్ బిహారీ మిశ్రా కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది.

భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. కుర్రాడి రెండో డ్రాఫ్టులో ‘మీరు దొంగ అని తేలింది’ అని వచ్చింది. కొట్టేయించాను. డొమెస్టిక్ ఎంక్వైరీ క్రిమినల్ కోర్టు కాదు. అక్కడ సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, సాక్ష్యం ఎటువైపు మొగ్గిందో చూస్తే చాలు. అలా తేలినదాన్ని చార్జిషీటులో ఏ మాటల్లో మోపామో ఆ మాటల్లోనే చెప్పాలి, స్టాండింగ్ ఆర్డర్లలో ఏ క్లాజు కిందికి వస్తుందో ఆ క్లాజు నంబరు వేయాలి. మనిషికి పేరు పెట్టే పని మనది కాదు. ‘టెర్మినేషన్’ అనే మాట కూడా తీసేశాం. స్టాండింగ్ ఆర్డర్లలో శిక్ష పేరు ‘డిస్మిసల్’. టెర్మినేషన్ అంటే రాజీనామా కానివన్నీ అందులో ఇమిడిపోతాయి. అది శిక్షా, రిట్రెంచ్‌మెంటా అన్న వాదనకు మనమే తలుపు తీసినట్టవుతుంది.

11 ఏళ్ల సర్వీసు గురించి రాస్తే మనకే నష్టం కదా?

ఇది చాలామందికి ఉండే భయం. నిజానికి రాయకపోతేనే నష్టం. తప్పు తీవ్రత, గత రికార్డు, శిక్ష తగ్గించడానికీ పెంచడానికీ ఉన్న ఇతర పరిస్థితులు చూశాకే శిక్ష వేయాలని మోడల్ స్టాండింగ్ ఆర్డర్లే చెబుతున్నాయి. పైగా శిక్ష మరీ ఎక్కువనిపిస్తే దాన్ని తగ్గించి మనిషిని మళ్లీ పనిలోకి తీసుకోమనే అధికారం 1971 నుంచి లేబర్ కోర్టుకు ఉంది. జడ్జి వెతికేది ఇదే. డిస్మిసల్ కన్నా తక్కువ శిక్షతో ఎందుకు సరిపెట్టలేదో చెప్పారా, లేదా?

మేం ఇలా రాశాం. పదకొండేళ్లకు పైబడిన సర్వీసులో నిజాయితీపై ఎలాంటి ఫిర్యాదూ లేదన్నది గమనించాను. అయితే స్టోర్ కీపరు పని మొత్తం నమ్మకం మీద నడిచేది, సరుకు తాళాలు, గేట్ పాస్ పుస్తకం అతని చేతిలోనే ఉంటాయి, పొరపాటున కాకుండా సంతకం సృష్టించి చేసిన పని కాబట్టి ఇంక్రిమెంటు ఆపడం వంటి శిక్షలు సరిపోవని భావిస్తున్నాను.

రెండేళ్ల కిందట ఆలస్యంగా వచ్చినందుకు ఇచ్చిన ఒక వార్నింగ్ మెమో కూడా ఫైల్లో దొరికింది. దాన్నీ ఎక్కిద్దామని కుర్రాడి ఉబలాటం. పాత రికార్డును శిక్షకు ఆధారం చేసుకోవాలంటే ఆ సంగతి ముందే నోటీసులో చెప్పి ఉండాలని మైసూరు ప్రభుత్వానికీ మంచె గౌడకూ మధ్య కేసులో సుప్రీంకోర్టు 1963లోనే తేల్చేసింది. నోటీసులో చెప్పలేదు. ఆ మెమోను ఫైల్లోనే ఉండనిచ్చాం.

ఏ తేదీ నుంచి తీసేసినట్టు?

‘సస్పెండ్ చేసిన ఫిబ్రవరి 3 నుంచే అని రాయమంటున్నారు మా అకౌంట్స్ వాళ్లు’ అన్నాడు. అందులో తెలివి ఏమిటంటే, ఆ నాలుగున్నర నెలల సబ్సిస్టెన్స్ అలవెన్సు, అదే జీవన భృతి, ఇచ్చినట్టు కాకుండా పోతుంది, సర్వీసూ తగ్గుతుంది. ఇది కుదరదు. వెనకటి తేదీతో డిస్మిస్ చేస్తే ఆ వెనకటి భాగం చెల్లదని, ఆర్డరు వచ్చిన నాటినుంచే పనిచేస్తుందని 1965లో జీవరత్నం, మద్రాసు ప్రభుత్వం కేసులో తీర్పుంది. సస్పెన్షన్‌లో ఉన్న మనిషి ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క.

అలాగని ఫైల్లో సంతకం పెట్టిన తేదీ కూడా కాదు. ఉత్తర్వు అతనికి తెలియాలి. పంజాబ్ ప్రభుత్వం, అమర్ సింగ్ హరికా కేసులో డిస్మిసల్ ఆర్డరు ఫైల్లోనే ఉండిపోయింది. చేరనంత వరకు అది అమల్లోకి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఉత్తరం ఏ రోజు ఇస్తామో ఆ రోజు తేదీనే వేసి, ‘జూన్ 15 పనివేళలు ముగిసినప్పటి నుంచి’ అని రాశాం. ఆ రోజు ఆఫీసుకు పిలిచి ఇద్దరు సాక్షుల ముందు చేతికిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి. తీసుకోనంటే ఆ సంగతి సాక్షుల సంతకాలతో వెనక రాసి, అదే రోజు ఫైల్లో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపాలి. ఇంగ్లిషులో రాస్తే తెలుగు ప్రతి జతచేయాలి. చదవలేని భాషలో ఇచ్చి ‘తెలియజేశాం’ అంటే ఎలా?

తేదీ అంత కచ్చితంగా ఉండడం కార్మికుడికీ అవసరమే. లేబర్ కోర్టుకు వెళ్లే గడువు అక్కణ్నుంచే మొదలవుతుంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో అది మూడేళ్లు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో రెండేళ్లు. సెక్షన్ల నంబర్లన్నీ మారాయి కాబట్టి పాత ఉత్తరాన్ని కాపీ కొట్టి పేరు మార్చే అలవాటున్నవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. నేను చెప్పిన సూత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇంకొక్క చిక్కు. అప్పటికే లేబర్ డిపార్ట్‌మెంట్లో యూనియన్ డిమాండ్ల మీద కన్సిలియేషన్ నడుస్తుంటే, ఆ వివాదంతో సంబంధం ఉన్న కార్మికుణ్ని వేరే తప్పుకు డిస్మిస్ చేసినా ఒక నెల జీతం చెల్లించి, అదే చర్యలో భాగంగా కన్సిలియేషన్ అధికారి ఆమోదానికి దరఖాస్తు పెట్టాలి. ఇది మరిచిపోతే ఎంత పకడ్బందీగా రాసిన ఉత్తరమైనా చెల్లదని 2002లో జైపూర్ సహకార బ్యాంకు కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మా దగ్గర అప్పుడు ఏ వివాదమూ పెండింగ్‌లో లేదు. ఉత్తరం రాసే ముందు యూనియన్ ఫైలు ఒకసారి తెరిచి చూడడం మంచిది.

డబ్బు లెక్క ఉత్తరంలోనే ఎందుకు?

డిస్మిస్ అయినవాడికి ఇవ్వాల్సిందేమీ ఉండదని ఫ్యాక్టరీల్లో ఒక నమ్మకం ఉంది. ఉద్యోగం తీసేయడమే శిక్ష. సంపాదించుకున్నది శిక్షలో భాగం కాదు. నోటీసు జీతం, రిట్రెంచ్‌మెంట్ పరిహారం రావు, అంతే.

అతని లెక్క ఇలా తేలింది. సస్పెన్షన్లో మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ముప్పావు జీతం ఇవ్వాలి. మే నెలాఖరు వరకు ఇచ్చేశారు. జూన్‌లో రోజుకు 650 రూపాయల చొప్పున 15 రోజులకు 9,750. వాడుకోని ఆర్జిత సెలవులు 18. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజుకు వెయ్యి, అంటే 18,000. రెండూ కలిపి 27,750. ఇది రెండు పనిదినాల్లోగా చేతికి అందాలి. ‘గుర్తింపు కార్డు, యూనిఫాం అప్పగించి నో డ్యూస్ తెచ్చాక’ అని షరతు పెట్టడం అందరూ చేసే పనే. చట్టంలోని రెండు రోజులు నో డ్యూస్ కోసం ఆగవు. కార్డు వేరే అడగండి, డబ్బు ఆపొద్దు.

బోనసు సంగతి వేరు. మోసం, దొంగతనం, సొత్తు స్వాహా వంటి కారణాలతో డిస్మిసైన వాడికి బోనసు రాదని చట్టమే చెబుతోంది. ఏ కారణం చేత రాదో ఒక వాక్యం రాశాం. పీఎఫ్‌లో అతని వాటాతోపాటు కంపెనీ వాటా కూడా అతనిదే. దాన్ని ముట్టుకునే అధికారం మనకు లేదు, పోర్టల్‌లో ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేయడం మాత్రం మన పని. అది చేయకుండా కూర్చుంటే అతను డబ్బు తీసుకోలేడు. కొందరు కావాలనే కూర్చుంటారు కూడా.

అసలు తగాదా అంతా గ్రాట్యుటీ దగ్గరే. 11 ఏళ్ల మీద 8 నెలలు, ఆరు నెలలు దాటింది కాబట్టి 12 ఏళ్లు. రోజుకు వెయ్యి, ఏడాదికి 15 రోజులు, మొత్తం 1,80,000 రూపాయలు. ‘ఒక్క రూపాయి ఇవ్వొద్దు’ అని పైనుంచి మాట. ఇక్కడ చట్టం రెండు దార్లు చూపిస్తుంది. ఉద్యోగి చేసిన పనివల్ల కంపెనీకి నష్టం జరిగి, అందుకే అతన్ని తీసేసి ఉంటే ఆ నష్టం మేరకు తగ్గించుకోవచ్చు. పని సందర్భంలో చేసిన నేరం నైతిక పతనం కిందికి వస్తే కొంతగానీ, మొత్తంగానీ జప్తు చేయవచ్చు. రెండో దారికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడి ఉండాలని 2018లో ఒక తీర్పు వచ్చింది. శిక్ష పడనక్కర్లేదని 2025 ఫిబ్రవరిలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, టికెట్ల డబ్బు కాజేసిన మహారాష్ట్ర ఆర్టీసీ కండక్టర్ల విషయంలో మాత్రం జప్తును నాలుగో వంతుకే పరిమితం చేసింది. తలుపు తెరుచుకుంది గానీ, ఎంత జప్తు అన్నది తప్పును బట్టి తూచి చెప్పాలన్నమాట.

నేను మొదటి దారే మంచిదన్నాను. పోయింది 38 కిలోలు. కొనుగోలు రికార్డుల ప్రకారం కిలో 700 చొప్పున 26,600 రూపాయలు. సరుకు దొరకలేదు. ఈ నష్టానికి కాగితం ఉంది, ఎవరైనా కూడి చూసుకోవచ్చు. ఇదైనా డిస్మిసల్ ఉత్తరంలోనే కోసేయడం పద్ధతి కాదు. ‘గ్రాట్యుటీలో 26,600 ఎందుకు తగ్గించకూడదో చెప్పండి’ అని వేరే నోటీసిచ్చి, జవాబు చూసి, వేరే ఆర్డరు వేయాలి. అంచేత ఉత్తరంలో మొత్తం 1,80,000 చూపించి, నష్టానికి సంబంధించిన నోటీసు విడిగా వస్తోందని, దానిపై నిర్ణయం తర్వాత మిగిలింది 30 రోజుల్లోగా చెల్లిస్తామని రాశాం. నోటీసు అదే రోజు తయారైంది. నష్టమంతా తగ్గించినా అతనికి 1,53,400 వస్తుంది.

డబ్బు ముట్టిన రసీదు మీద ‘ఇక నాకు ఎలాంటి క్లెయిములూ లేవు, డిస్మిసల్‌ను అంగీకరిస్తున్నాను’ అని అచ్చువేసి ఉంచారు. ఆ రెండో ముక్క తీసేయమన్నాను. ఇవ్వాల్సిన డబ్బు ఎరగా చూపి తీసుకున్న సంతకాన్ని కోర్టు ఎలా చూస్తుందో ఊహించడం కష్టం కాదు. డబ్బు తీసుకున్నంత మాత్రాన అతను కేసు వేసుకునే హక్కు పోదు, పోవాలని చూడడం మన ఉత్తరానికే మచ్చ. సర్వీస్ సర్టిఫికెట్ కూడా జతచేయించాను. డిస్మిసైన పర్మనెంట్ కార్మికుడికి కూడా దాన్ని ఇవ్వాలని మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది.

మూడు పేజీలు అయ్యాయి. ప్రింటు తీసి కుర్రాడు కలం తెరిచాడు. కింద అతని పేరే టైపు చేసి ఉంది. ఆ ఫ్యాక్టరీ స్టాండింగ్ ఆర్డర్లు తీసి శిక్షల క్లాజు అతని ముందు పెట్టాను. డిస్మిస్ చేసే అధికారం ‘మేనేజర్’ది. అతని పేరు కొట్టేసి, కాగితాలన్నీ ఫైల్లో పెట్టి, ముందు మేనేజర్‌ను చదవమను, ఆయన ఏమైనా మారుస్తానంటే మార్చనివ్వు, అప్పుడు సంతకం తీసుకో అని పంపించాను. మర్నాడు మేనేజరు శిక్ష పేరాలో రెండు మాటలు మార్చాడట.